80 వేలు అడ్వాన్స్ టాక్స్ కట్టినా పది వేల వడ్డీ: ఒక బియ్యం బ్రోకరు గారి కేసు

ఈ కేసు 2024-25 ఆర్థిక సంవత్సరానిది, అంటే పాత 1961 ఆదాయపు పన్ను చట్టం కిందది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది కాబట్టి సెక్షన్ల నంబర్లు మారాయి. వాయిదాల తేదీలు, శాతాలు మాత్రం అవే. క్లయింటు ఎవరో తెలియకుండా వివరాలు కొన్ని మార్చాను. లెక్క నడిచిన తీరు మాత్రం ఉన్నదున్నట్టే.

ఆయనది పశ్చిమ గోదావరి వైపు బియ్యం బ్రోకరేజ్. రైస్ మిల్లులకీ, బయటి రాష్ట్రాల వ్యాపారులకీ మధ్య బేరం కుదిర్చి క్వింటాకు ఇంత అని తీసుకుంటారు. చిన్న ఆఫీసు, ఇద్దరు కుర్రాళ్లు, రోజంతా ఫోను. 2025 సెప్టెంబరు 2న ఫైలు పట్టుకుని వచ్చారు. ఏడాదికి వచ్చిన బ్రోకరేజ్ 24 లక్షలు, అద్దె, జీతాలు, ప్రయాణాలు వగైరా ఖర్చులు 6 లక్షలు, మిగిలింది 18 లక్షలు. అడ్వాన్స్ టాక్స్ మూడుసార్లు కట్టిన చలానాలు కూడా జాగ్రత్తగా పిన్ను పెట్టి తెచ్చారు.

"ఆడిటర్ గారూ, నేను ఎగ్గొట్టేవాణ్ణి కాదండీ. మూడుసార్లు కట్టాను, మిల్లులవాళ్లు టీడీఎస్ కూడా కోశారు. ఇంకేమన్నా ఉంటే కాస్తో కూస్తో ఉంటుందేమో చూడండి" అన్నారు.

కాస్తో కూస్తో కాదు, 97,470 రూపాయలు ఉంది. అందులో పది వేలకు పైగా ఉత్త వడ్డీ.

అసలు పన్ను ఎంత

కొత్త పన్ను విధానంలో ఆ ఏడాది శ్లాబుల ప్రకారం 18 లక్షల మీద పన్ను 2,30,000. దానిపై 4 శాతం సెస్ 9,200 కలిపితే 2,39,200. ఎవరెవరు ఎంత టీడీఎస్ కోసి జమ చేశారో చూపించే ఫారం 26ఏఎస్‌లో ఆయన పేరున ఉన్న టీడీఎస్ 72,000. అది తీసేస్తే 1,67,200. అడ్వాన్స్ టాక్స్ వ్యవహారమంతా ఈ 1,67,200 చుట్టూనే తిరుగుతుంది. టీడీఎస్ పోగా మిగిలే పన్ను 10,000 గానీ, అంతకు మించి గానీ ఉంటే దాన్ని ఏడాది నడుస్తుండగానే వాయిదాల్లో కట్టాలి. జూన్ 15 కల్లా 15 శాతం, సెప్టెంబరు 15 కల్లా మొత్తం మీద 45 శాతం, డిసెంబరు 15 కల్లా 75 శాతం, మార్చి 15 కల్లా పూర్తిగా. ఇవి విడివిడి వాయిదాలు కావు, ఆ తేదీకి మొత్తం కలిపి ఎంత కట్టి ఉండాలో చెప్పే అంకెలు. తేదీ బ్యాంకు సెలవు రోజున పడితే మర్నాడు పని దినాన కట్టినా వడ్డీ పడదు.

ఇక ఆయన కట్టింది: జూన్ మొదటి వారంలో 20,000, సెప్టెంబరు 13న మరో 20,000, డిసెంబరులో సున్నా, మార్చి 20న 40,000. మొత్తం 80,000.

ఈ 80 వేలు ఎక్కడి నుంచి వచ్చాయి

జూన్‌లో ఆయన పాత అకౌంటెంటు వేసిన అంచనా కాగితం ఫైల్లోనే ఉంది. బ్రోకరేజ్ 21 లక్షలు, ఖర్చులు 5 లక్షలు, ఆదాయం 16 లక్షలు. అప్పటి శ్లాబుల్లో పన్ను 1,87,200. టీడీఎస్ 5 శాతం చొప్పున 1,05,000 వస్తుంది. మిగిలేది 82 వేల చిల్లర, 80 వేలు అనుకుందాం, నాలుగు ఇరవైలు. 15, 45, 75 లెక్క ప్రకారమైతే నాలుగూ సమానంగా ఉండకూడదు గానీ, ఆ 82 వేల అంచనాయే నిజమై ఉంటే ఈ కట్టుబడితో పెద్ద గొడవ ఉండేది కాదు. జూన్ నాటికి అది తప్పుడు అంచనా కూడా కాదు.

ఆ తర్వాత మూడు మారాయి. ఒకటి, వ్యాపారం బాగా సాగి ఆదాయం 16 నుంచి 18 లక్షలైంది. రెండు, జులై 23 బడ్జెట్లో శ్లాబులు మారి ఈయనకు సెస్‌తో కలిపి 10,400 పన్ను తగ్గింది. మూడోదే ముఖ్యం. అదే బడ్జెట్లో కమిషన్, బ్రోకరేజ్ మీద 194హెచ్ కింద కోసే టీడీఎస్‌ను అక్టోబరు 1 నుంచి 5 శాతం నుంచి 2 శాతానికి తగ్గించారు. ఈయన బ్రోకరేజ్‌లో మొదటి ఆరు నెలలది 8 లక్షలే. ఖరీఫ్ ధాన్యం కోతలయ్యాక, నవంబరు నుంచి మిల్లులు జోరుగా ఆడతాయి కాబట్టి రెండో సగంలో 16 లక్షలు. అంటే పెద్ద సగం మీద రేటు 2 శాతమే. పాత రేటే ఉంటే టీడీఎస్ 1,20,000 పోయేది, పోయింది 72,000. తేడా 48,000 ఆయన చేతికే వచ్చింది, ఖర్చూ అయిపోయింది. టీడీఎస్ తగ్గితే పన్ను తగ్గినట్టు కాదు. మిల్లువాడు మన తరఫున కట్టేది తగ్గి, మనం స్వయంగా అడ్వాన్స్ టాక్స్‌గా కట్టాల్సింది అంతకంత పెరుగుతుంది. 2024-25లో కమిషన్ మీద బతికే చాలామందికి ఈ దెబ్బ తగిలింది. మిల్లులు పంపిన స్టేట్‌మెంట్లలో కోత తగ్గిందని చూసి సంతోషించినవాళ్లే గానీ, ఆ తేడా ఎవరు కట్టాలని అడిగినవాళ్లు తక్కువ.

డిసెంబరు ఎందుకు వదిలేశారు

డిసెంబరు వాయిదా ఎందుకు కట్టలేదని అడిగితే చెప్పిన జవాబు ఇది: "మా పక్క షాపాయన చెప్పాడండీ, మనలాంటి చిన్నవాళ్లకి నాలుగు వాయిదాలు లేవు, ఒకేసారి మార్చిలో కడితే చాలని."

పక్క షాపాయన చెప్పింది అబద్ధం కాదు, ఆయన వరకు నిజం. 44ఏడీ కింద ఊహాజనిత ఆదాయం, అంటే ఖర్చుల లెక్క లేకుండా టర్నోవరులో ఇంత శాతం అని ఆదాయం చూపించే వ్యాపారికి మార్చి 15న ఒక్కటే వాయిదా. కానీ 44ఏడీ సెక్షన్లోనే కమిషన్, బ్రోకరేజ్ ఆదాయాన్నీ, ఏజెన్సీ వ్యాపారాన్నీ స్పష్టంగా మినహాయించారు. కిరాణా షాపుకు వర్తించేది బియ్యం బ్రోకరుకు వర్తించదు. టర్నోవరు ఎంత చిన్నదైనా సరే. మీకు వర్తిస్తుందో లేదో చూసుకోవడానికి ఒక గుర్తు ఉంది. 26ఏఎస్ తెరిచి టీడీఎస్ పక్కన సెక్షన్ కాలమ్ చూడండి. అక్కడ 194హెచ్ అని ఉందంటే, ఆ ఆదాయాన్ని మీకు ఇచ్చినవాళ్లు కమిషన్ లేదా బ్రోకరేజ్ అనే రాసి డిపార్ట్‌మెంటుకు చెప్పారు. దాన్ని 44ఏడీలో చూపిస్తే వాయిదాల వడ్డీ కంటే పెద్ద ప్రశ్నలే వస్తాయి.

వాయిదాల వడ్డీ: 234సీ

ఇక్కడే క్లయింట్లకు ఎప్పుడూ మింగుడుపడని సంగతి ఒకటుంది. జూన్‌లో మీరు కట్టింది సరిపోయిందా లేదా అన్నది జూన్‌లో మీరు వేసిన అంచనాతో కొలవరు. ఏడాది అయ్యాక రిటర్నులో మీరు చూపిన ఆదాయం మీద పన్ను లెక్కగట్టి, టీడీఎస్ తీసేసి, ఆ అంకెతో వెనక్కి వెళ్లి జూన్‌ని, సెప్టెంబరుని కొలుస్తారు. మన కేసులో ఆ కొలత 1,67,200.

జూన్ నుంచి మొదలుపెడదాం. 1,67,200లో 15 శాతం 25,080. కట్టింది 20,000. చట్టం మొదటి రెండు వాయిదాలకు కాస్త వెసులుబాటు ఇచ్చింది. జూన్‌కి 12 శాతం, సెప్టెంబరుకి 36 శాతం చేరితే చాలు, ఆ వాయిదాకు వడ్డీ లేదు. 12 శాతం ఎంతా అంటే 20,064. ఈయన 64 రూపాయలు తక్కువ కట్టారు! ఆ గీత దాటకపోతే లోటును 12 నుంచి లెక్కపెట్టరు, 15 నుంచే పెడతారు. లోటు 5,080, వంద లోపు చిల్లర వదిలేయాలి కాబట్టి 5,000. నెలకు 1 శాతం చొప్పున మూడు నెలలకు 150 రూపాయలు. మొత్తం చిన్నదే, అయితే వెసులుబాటు ఎలా పనిచేస్తుందో ఇంతకంటే బాగా చూపించే ఉదాహరణ నాకు దొరకలేదు.

సెప్టెంబరు 15కి 45 శాతం అంటే 75,240. అప్పటికి కట్టింది 40,000. 36 శాతం గీత 60,192, దానికి ఆమడ దూరం. లోటు 35,200 మీద మూడు నెలలకు 1,056.

డిసెంబరు 15కి 75 శాతం, 1,25,400. ఇక్కడ వెసులుబాటు లేదు. కట్టింది ఇంకా ఆ 40,000 మాత్రమే. లోటు 85,400, మూడు నెలలకు 2,562.

మార్చి 15కి నూరు శాతం. మార్చి 20న కట్టిన 40,000 ఈ లెక్కకు అందదు, అయిదు రోజులు ఆలస్యం. లోటు 1,27,200 మీద ఒక్క నెల వడ్డీ 1,272. నాలుగూ కలిపి 5,040.

సెప్టెంబరు లెక్క చూసి ఆయనకు కోపం వచ్చింది. "సెప్టెంబరుకి నాకు వచ్చిందే 8 లక్షలు. ఏడాది మొత్తం మీద 45 శాతం అప్పుడే కట్టమంటే ఎక్కణ్ణించి తెస్తానండీ? అప్పటికి చేలో పంట కూడా కొయ్యలేదు." న్యాయమైన మాటే. చట్టంలో దీనికి జవాబు లేదు. షేర్లో స్థలమో అమ్మితే వచ్చిన లాభం, లాటరీ, డివిడెండ్, అదే ఏడాది మొదటిసారి మొదలైన వ్యాపారం, వీటికి మినహాయింపు ఉంది. అంచనా వేయలేకపోయిన ఆ ఆదాయం మీది పన్నును తర్వాతి వాయిదాల్లో గానీ, వాయిదాలేవీ మిగలకపోతే మార్చి 31లోపు గానీ కడితే ముందు వాయిదాలకు వడ్డీ వెయ్యరు. పాత వ్యాపారం సీజన్ మీద నడుస్తుందన్న కారణానికి మాత్రం ఆ మినహాయింపు లేదు. ఆదాయం ఏడాది పొడుగునా సమంగా వచ్చినట్టే లెక్క.

ఏడాది తర్వాతి వడ్డీ: 234బీ

234సీ వాయిదాల ఆలస్యానికి పడేది. మార్చి 31 దాటాక పడేది వేరే ఉంది. మార్చి 31 నాటికి మీరు కట్టిన మొత్తం అడ్వాన్స్ టాక్స్, కట్టాల్సినదాంట్లో 90 శాతం చేరకపోతే, ఏప్రిల్ 1 నుంచి మిగిలిన మొత్తం మీద నెలకు 1 శాతం నడుస్తూనే ఉంటుంది. ఇక్కడ మార్చి 20న కట్టిన 40,000 లెక్కలోకి వస్తుంది. మార్చి 31లోపు కట్టింది అడ్వాన్స్ టాక్సే. మార్చి 15 దాటిపోయింది కదా, ఇంక జులైలో చూసుకుందాం అనుకునేవాళ్లకు ఈ పదహారు రోజుల విలువ తెలియదు.

1,67,200లో 90 శాతం 1,50,480. ఈయనవి 80,000. గీత దాటలేదు కాబట్టి మిగిలిన 87,200 మొత్తం మీదా వడ్డీ, అంటే నెలకు 872. నెలలో ఒక్క రోజు గడిచినా పూర్తి నెలే. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు 2 దాకా ఆరు నెలలు, 5,232.

ఈయన సెప్టెంబరు దాకా ఎందుకు ఆగారు? ఆ ఏడాది రిటర్ను గడువును సీబీడీటీ జులై 31 నుంచి సెప్టెంబరు 15కి పొడిగించింది. వాట్సాప్‌లో ఆ వార్త చూసి టెన్షన్ లేదనుకున్నారు. ఆ గడువు రిటర్ను వెయ్యడానికి. దాని వల్ల ఆలస్యపు రిటర్నుకు పడే 234ఏ వడ్డీ, లేటు ఫీజు తప్పాయి. 234బీ మీటరు మాత్రం గడువుతో సంబంధం లేకుండా తిరుగుతూనే ఉంది. జులై 31న కట్టి ఉంటే నాలుగు నెలలే. ఆగినందుకు అదనంగా 1,744 పడింది. అందులో సగం ఆగస్టు 31న కాకుండా సెప్టెంబరు 2న వచ్చినందుకే.

చలానా కట్టేటప్పుడు

మొత్తం 87,200 పన్ను, 5,040, 5,232 వడ్డీలు కలిపి 97,472. పది రూపాయలకు సరిచేస్తే 97,470. "ముందు అసలు కట్టేస్తానండీ, వడ్డీ వాళ్లు అడిగినప్పుడు చూద్దాం" అన్నారు. ఆ పని చెయ్యొద్దని గట్టిగా చెప్పాను. తక్కువ కడితే ఆ డబ్బు ముందు వడ్డీకి జమ అయి, మిగిలిందే పన్నుకు పోతుంది. 87,200 కడితే 10,272 వడ్డీ కిందే పోయి, అంతే పన్ను బాకీగా నిలబడుతుంది. దాని మీద మళ్లీ నెల నెలా 234బీ. కొన్నాళ్లకు 143(1) ఇంటిమేషన్‌తో పాటు డిమాండ్ వస్తుంది. ఈ వడ్డీని వ్యాపార ఖర్చుగా చూపించుకోవడానికీ కుదరదు.

ఎక్కడ కడితే ఎంత మిగిలేది

పది వేల వడ్డీని ఒకే ముద్దగా చూస్తే ఏమీ అర్థం కాదు. విడదీస్తే జూన్, సెప్టెంబరు కలిపి 1,206 మాత్రమే. అప్పటికి సీజన్ మొదలవలేదు, రేట్లు మధ్యలో మారాయి, ఎవరు అంచనా వేసినా ఇంచుమించు ఇలాగే తప్పేది. ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి సెప్టెంబరు వాయిదా కట్టమని నేను ఏ క్లయింటుకూ చెప్పను. 234సీ నెలకు నూటికి రూపాయే. ఇది నా అభిప్రాయం, మా వృత్తిలో అందరూ ఒప్పుకోరు.

డిసెంబరు సంగతి వేరు. అప్పటికి ధాన్యం మిల్లుకు చేరింది, బ్రోకరేజ్ చేతికి వస్తోంది, ఏడాది ఎలా ముగుస్తుందో ఈ వ్యాపారం చేసేవాడికి కనిపిస్తూనే ఉంటుంది. టీడీఎస్ రేటు మారి రెండు నెలలైంది. డిసెంబరు రెండో వారంలో ఒక గంట కూర్చుని 26ఏఎస్ పక్కన పెట్టుకుని లెక్క మళ్లీ వేసి 85,400 కట్టి ఉంటే ఆ 2,562 పోయేది కాదు, మార్చికి మిగిలేది 41,800. ఆయన మార్చిలో కట్టిన 40,000తో కలిపితే 1,65,400, 90 శాతం గీత ఎప్పుడో దాటినట్టు. 5,232 రూపాయల 234బీ మొత్తం పోయేది. డిసెంబరు వదిలేసినా, మార్చి 31లోపు ఇంకో 70,480 కట్టి 90 శాతం చేరి ఉన్నా 234బీ పడేది కాదు. సీజన్ మీద నడిచే వ్యాపారికి నా సలహా ఇదే. జూన్, సెప్టెంబరుల్లో వీలైతే 12, 36 శాతాల గీత దాటేలా కట్టండి, దాటకపోతే కొంత పోతుంది. డిసెంబరులో కొత్తగా లెక్క వెయ్యండి. మార్చి 31కి 90 శాతం కింద మాత్రం ఉండొద్దు.

నడుస్తున్న ఏడాది

సెప్టెంబరు 2న ఆయన వచ్చింది పాత ఏడాది కోసమే అయినా, 2025-26 రెండో వాయిదాకు రెండు వారాలే ఉంది. జూన్ వాయిదా కట్టనే లేదు. ఆదాయం మళ్లీ 18 లక్షలే అనుకుంటే, ఆ ఏడాది మారిన శ్లాబుల్లో సెస్‌తో కలిపి పన్ను 1,66,400. టీడీఎస్ ఈసారి ఏడాదంతా 2 శాతమే కాబట్టి 24 లక్షల మీద 48,000. మిగిలేది 1,18,400. జూన్ వాయిదా తప్పినందుకు 17,700 మీద మూడు నెలల వడ్డీ 531 ఎటూ పడుతుంది. సెప్టెంబరు 15కి 45 శాతం అంటే 53,280. బ్రోకరేజ్ ఇంకాస్త పెరిగినా ఇబ్బంది లేకుండా 55,000 కట్టమన్నాను. ఆ అంకె దగ్గర ఒక నిమిషం మౌనంగా ఉండి, "రెండూ కలిపి లక్షన్నర అండీ ఈ నెల్లో" అన్నారు. అవును, లక్షన్నర.

ఆ రెండు చెల్లింపులనూ మా ఆఫీసులోనే పోర్టల్లో e-Pay Tax తెరిచి చేయించాను, ఎందుకంటే కలిసిపోయేది సరిగ్గా ఇక్కడే. పాత బాకీకి Assessment Year 2025-26 ఎంచుకుని Self-Assessment Tax (300). కొత్త వాయిదాకు Assessment Year 2026-27 ఎంచుకుని Advance Tax (100). ఒకదాని సంవత్సరం ఇంకోదానికి పడితే పాత ఏడాది రిటర్నులో చలానా సరిపోలక డిమాండ్ వస్తుంది, కొత్త ఏడాదికి వాయిదా కట్టనట్టే కనిపిస్తుంది. తర్వాత రెండూ సరైన సంవత్సరాల కింద పోర్టల్లోని వార్షిక సమాచార నివేదిక ఏఐఎస్‌లో కనిపించాకే ఆయన రిటర్ను అప్‌లోడ్ చేశాం. డిసెంబరు రెండో వారానికి మిల్లుల స్టేట్‌మెంట్లు పట్టుకుని రమ్మని ఆయన ఫోనులోనే రిమైండర్ పెట్టించాను.